వానలకు ముందు చెరువు కెమెరా కేబుల్ రంగులు చూసుకోండి

మొన్నటి గాలివానలో భీమవరం వైపు ఒక రొయ్యల చెరువు మీద రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయి. కెమెరాకి, నెట్‌వర్క్ స్విచ్‌కి ఇన్వర్టర్ ఉంది. అయినా ఇంట్లో టీవీ మీద బొమ్మ రాలేదు, జనరేటర్ వేయమని చెప్పేవాళ్లు లేకపోయారు. తెల్లారేసరికి సరుకు సగం పోయింది.

కెమెరా నుంచి స్విచ్‌కి వెళ్లే నెట్‌వర్క్ కేబుల్ తెగలేదు, తడవలేదు. జాక్ దగ్గర పట్టుకుని చూస్తే వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండు చివర్లా ఇదే వరస. చూడముచ్చటగా ఉంది, కానీ తప్పు. "రెండు వైపులా ఒకటే ఉంటే చాలండీ" అన్న మాటే ఎంతోమందిని ముంచుతోంది.

ఎందుకంటే కేబుల్‌లో ఉన్నవి నాలుగు మెలిక జతలు. జతలోని రెండు తీగలూ బయటి రొదను ఒకేలా పట్టుకుంటాయి కాబట్టి అవతల అది కొట్టివేయబడుతుంది. 100 ఎంబీపీఎస్ లింక్‌లో 1, 2 పిన్లు ఒక జత, 3, 6 పిన్లు ఇంకో జత. పై వరసలో 3కి వైట్ గ్రీన్, 6కి బ్లూ వచ్చాయి. రెండూ వేర్వేరు జతలవి, మెలిక ఉండీ లేనట్టే. రెండు మీటర్ల ముక్కయితే పనిచేస్తుంది. గట్టు వెంట డెబ్బై, ఎనభై మీటర్లు లాగితే లింక్ పడుతూ లేస్తూ ఉంటుంది. మామూలు టెస్టర్ తీగ అవతలికి చేరిందా అనే చూస్తుంది, మెలిక సంగతి దానికి తెలియదు. ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయని నమ్మకండి.

సరైన వరస ఇది. జాక్ క్లిప్ కిందికి, బంగారు పిన్లు పైకి, కేబుల్ మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి 1 మొదలు 8 వరకు: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ జత బ్లూ జతకి అటూ ఇటూ కూర్చోవాలి. రెండు చివర్లా ఇలాగే ఉంటే స్ట్రెయిట్. కెమెరా నుంచి స్విచ్‌కి, కంప్యూటర్ నుంచి స్విచ్‌కి ఇదే.

ఒక చివర ఇలాగే ఉంచి, రెండో చివర ఆరెంజ్ జత చోట గ్రీన్, గ్రీన్ చోట ఆరెంజ్ పెడితే క్రాస్. అప్పుడు 1 పోయి 3కి, 2 పోయి 6కి చేరతాయి. పాత కంప్యూటర్‌ని కంప్యూటర్‌కి, పాత స్విచ్‌ని స్విచ్‌కి నేరుగా కలపాలంటే ఇది కావాలి, లేకపోతే ఇద్దరూ ఒకే జత మీద పంపుతూ ఒకే జత మీద వింటూ ఉంటారు. ఇప్పటి గిగాబిట్ పోర్టులు ఆ మార్పు తామే చేసుకుంటాయి, స్ట్రెయిట్ చాలు.

టెస్టర్ కన్నా ముందు రంగులు కంటితో చదవండి. 3, 6 ఒకే జతవేనా చూడండి. జాక్ దగ్గర మెలిక అర అంగుళం మించి విప్పకండి. కేబుల్ పై తొడుగు జాక్ లోపలికి వెళ్లాలి. 100 మీటర్లు దాటించకండి. మోటారు వైరుతో ఒకే గొట్టంలో లాగకండి. పచ్చపట్టిన పిన్లు గీకి వాడొద్దు, జాక్ కోసేయండి. క్రాస్ కేబుల్‌కి రెండు చివర్లా టేపు మీద పేరు రాయండి. మెరుపులు మెరిసేటప్పుడు గట్టు మీద కేబుల్ ముట్టుకోకండి. మళ్లీ చెబుతున్నాను, 3, 6 చూడండి.