లెక్కలంటే భయపడే తొమ్మిదేళ్ల పిల్లకు పేకముక్కలతో కూడికలు అలవాటు చేయడం ఎలా?

వంటింట్లో పని చేసుకుంటూ, మామూలు మాటల మధ్యలో, 8కి 5 కలిపితే ఎంత అని పిల్లను అడగండి. 12 అని చెబితే అది అజాగ్రత్త కాకపోవచ్చు. చాలాసార్లు జరిగేది ఇది: ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు అని మనసులో ఐదు అంకెలు పలికి ఉంటుంది. ఎనిమిదినే మొదటిదిగా లెక్కపెట్టింది కాబట్టి ఒకటి తగ్గింది. అంటే ఆమె కూడడం లేదు, ఒక్కొక్కటిగా లెక్కపెడుతోంది. జవాబు సరిగ్గానే చెప్పినా, 9కి 2 చటుక్కున కలిపి, 6కి 7 దగ్గర చాలాసేపు ఆగితే సంగతి అదే.

నాలుగో తరగతిలో 58కి 37 కలపమంటే, ఇలాంటి పిల్లకు ఎనిమిదీ ఏడూ కలపడానికే మనసంతా సరిపోతుంది. ఆ సందులో పదుల స్థానానికి మోయాల్సిన ఒకటి జారిపోతుంది. పైగా పక్కన ఎవరైనా "త్వరగా చెప్పు" అంటే ఉన్నది కూడా పోతుంది. అందుకే ఎక్కాలకంటే ముందు సరిచేయాల్సింది ఒక్కటే: ఏ అంకెకు ఎంత కలిపితే పది అవుతుందో, లెక్కపెట్టకుండా తెలియాలి.

ముక్కలు సిద్ధం చేసుకోవడం

పేక కట్టలోంచి జోకర్లు, రాజులు, రాణులు, జాకీలు, పదులు తీసేయండి. ఆసును ఒకటిగా పెట్టుకుంటే, 1 నుంచి 9 వరకు నాలుగేసి చొప్పున 36 ముక్కలు మిగులుతాయి. పిల్లల చేతికి పేక ఇవ్వడం ఇంట్లో పెద్దలకు నచ్చకపోతే పాత శుభలేఖల అట్టలు కత్తిరించి చేసుకోవచ్చు. అంకెతోపాటు ఆ అంకెకు సరిపడా చుక్కలూ తప్పకుండా పెట్టండి. అంకె చూసి బెదిరే పిల్లకు చుక్కలే ఆసరా.

మొదటి ఆట: పది జంటలు

పన్నెండు ముక్కలు బొమ్మ పైకి కనిపించేలా పరవండి. పది అయ్యే రెండేసి ముక్కలు తీయాలి: 7తో 3, 6తో 4, 5తో 5. తీసిన చోట కట్టలోంచి కొత్తవి పెట్టాలి. ఎక్కడా జంట కనబడకపోతే మరో మూడు పరవండి. మొదట్లో ఇద్దరూ ఒకే పక్షం, పోటీ వద్దు.

ఈ ఆటలో నాకు బాగా నచ్చేది, తప్పును ఎవరూ ఎత్తి చూపనక్కర్లేకపోవడం. 36 ముక్కలూ సరిగ్గా 18 జంటలుగా అయిపోవాలి. మధ్యలో ఎక్కడో 6తో 3 కలిపేస్తే, చివర్లో 4, 7 మిగిలిపోతాయి. అవి పది కావు. బల్ల మీద ఏదో తేడా ఉందని పిల్లకే తెలుస్తుంది, తీసిన జంటల్లో వెతికి తానే పట్టుకుంటుంది. లెక్కలంటే భయపడే పిల్లకు అసలు భయం మన ముఖం చూస్తే కదా. ఇక్కడ మన ముఖం చూడాల్సిన పని లేదు. కాబట్టి ఆమె తప్పు జంట తీసినప్పుడు మీకు కనిపించినా కనుబొమ్మ కూడా కదపకండి. అన్నీ తెలిసిన అన్నయ్యో అక్కో పక్కన కూర్చుని జవాబు అరిచేస్తే ఆట అక్కడితో అయిపోయినట్టే. వాళ్లకు మరో పని చెప్పండి.

ఇది అలవాటయ్యాక ఒక ముక్కను ఎవరూ చూడకుండా తీసి పళ్లెం కింద దాచండి. ఆట చివర ఒకటే ముక్క మిగులుతుంది. అది 8 అయితే, పళ్లెం కింద ఉన్నది 2. ఎత్తి చూసే ముందు చెప్పాలి. బెంగళూరులో మా అన్నయ్య కూతురు ఈ ఒక్క ఘట్టం కోసమే ఆట మళ్లీ మళ్లీ పెట్టించేది.

రెండో ఆట: అడిగి తీసుకోవడం

ఏడేసి ముక్కలు పంచుకుని, ఎదుటివారికి కనబడకుండా పట్టుకోవాలి. మిగిలినవి మధ్యలో బోర్లా పెట్టాలి. తన చేతిలో 7 ఉంటే పిల్ల ఇలా అడగాలి: "అత్తా, నీ దగ్గర మూడు ఉందా?" ఉంటే మీరు ఇచ్చేయాలి, ఆమె జంట కింద పెడుతుంది. లేకపోతే మధ్యలోంచి ఒకటి తీసుకుంటుంది. ఆడినంతసేపూ ఆమె జవాబు తనలోనే వెతుక్కుంటుంది, తొందరపెట్టేవారు ఉండరు. అంకెలను తెలుగులో చెప్పమని పట్టుబట్టకండి. బెంగళూరు తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు మాటలన్నీ తెలుగులో ఆడుతూ అంకెలు మాత్రం ఇంగ్లీషులో పలుకుతారు. ఆట మధ్యలో అనువాదం అదనపు బరువు.

బల్ల కింద వేళ్లు కదులుతుంటే కదలనివ్వండి. జంటలు నోటికొచ్చేకొద్దీ వేళ్లు వాటంతటవే ఆగిపోతాయి. అలా ఆగాకే మూడో ఆటకు వెళ్లాలి.

మూడో ఆట: పది దాటడం

ఇద్దరూ రెండేసి ముక్కలు తిప్పాలి. ఎవరి మొత్తం ఎక్కువైతే నాలుగు ముక్కలూ వారివి. సమానమైతే మళ్లీ తిప్పాలి. గెలుపు ముక్కలదే కాబట్టి పెద్దవాళ్లకు ఏ అనుకూలతా లేదు, పిల్ల కోసం మనం ఓడిపోయినట్టు నటించనక్కర్లేదు.

కాగితం మీద ఐదేసి గడులు రెండు వరుసలు గీసి, పక్కన చింతగింజలు పెట్టుకోండి. పిల్లకు 8, 7 వచ్చాయనుకుందాం. గడుల్లో ఎనిమిది గింజలు పెట్టించి, విడిగా ఏడు పెట్టించండి. "గడులు నిండాలంటే ఇంకా ఎన్ని కావాలి?" రెండు. ఏడులోంచి రెండు గింజలు గడుల్లోకి వెళ్తాయి, బయట ఐదు మిగులుతాయి. పదీ ఐదూ పదిహేను. మీ వంతు వచ్చినప్పుడు మీరూ పైకి అనండి: "తొమ్మిదీ ఆరూ. ఆరులోంచి ఒకటి ఇస్తే పది, మిగిలింది ఐదు, పదిహేను." కొన్నాళ్లకు గింజలు తీసేసి గడుల కాగితం మాత్రం ఉంచండి, తర్వాత అదీ తీసేయండి. 8కి 5 దగ్గర మళ్లీ 12 వినబడితే, తొందరపడి తీసేశామన్నమాట. గింజలు మళ్లీ తెండి.

ఆ తర్వాత వైకుంఠపాళి

వంద గడుల పటంలో ఒక్క నియమం మార్చండి: ఏ గడికి చేరుతుందో చెప్పాకే పావు ఎత్తాలి. 37 మీద ఉండి పాచికలో 6 పడితే, వరుస చివర ఉన్న 40కి మూడు, మిగిలిన మూడుతో 43. వరుస మలుపే పది కాబట్టి పాత జంటలే ఇక్కడా పనికొస్తాయి. ఒక జాగ్రత్త: ఈ పటంలో వరుసలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు సాగుతాయి. 7కి సరిగ్గా పైన ఉండేది 14, 17 కాదు. అందుచేత పది కలపడం నేర్పడానికి ఈ పటం వాడకండి. తీసివేతకు పాము బాగుంటుంది. 62 నుంచి 19కి జారితే ఎన్ని గడులు పోయాయి? 19 నుంచి 20కి ఒకటి, 60కి నలభై, 62కి రెండు, మొత్తం 43.

రోజుకు పావుగంట చాలు. పిల్ల ఇంకా ఆడదామన్నప్పుడే ఆపండి. వీటితో ఎక్కాలు రావు, వాటికి వేరే ఆటలు కావాలి. నెలల తరబడి ఆడినా నాలుగు చుక్కలను చూడగానే నాలుగని గుర్తుపట్టలేకపోతే, 7, 9లలో ఏది పెద్దదో ప్రతిసారీ తడబడుతుంటే, అది సాధన లోపం కాకపోవచ్చు. అప్పుడు పిల్లల అభ్యసన ఇబ్బందులను పరీక్షించే నిపుణులకు చూపించాలి. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఆ సదుపాయం ఉంది.