పార్టిషన్ దావాకు ముందు చూసుకోవాల్సినవి

తాత భూమి అనగానే మనవలకు పుట్టుకతోనే వాటా ఉంటుందనుకోకండి. హిందూ కుటుంబమైతే ముందు ఇవి చూడండి.

- తాత డెత్ సర్టిఫికెట్ తీయండి. ఆయన సొంత డబ్బుతో కొన్న భూమి ఉందనుకోండి. 1956 జూన్ 17 తర్వాత ఆయన వీలునామా రాయకుండా పోయి, అందులో రెండెకరాలు నాన్న వాటాకు వస్తే అది నాన్న సొంత ఆస్తే. దాన్ని ఆయన ఒక్క కూతురికే రాసిచ్చినా కొడుకు పుట్టుకతో వాటా ఉందని అడ్డుపడలేడు. ఇది తెలియకే చాలామంది కోర్టు చుట్టూ తిరుగుతారు.
- పహాణీ, అడంగల్‌లో పేరు చూసి తేల్చేయొద్దు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు తీసి, భూమి తాత కొన్నదో, ఆయనకు పంపకాల్లో వచ్చిందో చదవండి.
- పిత్రార్జితమని తేలితే అక్కచెల్లెళ్లకూ సమాన వాటా ఉంటుంది. పెళ్లయినా సరే, వాళ్లను దావాలో చేర్చండి.