ఎముక మజ్జ మార్పిడి అయి ఇంటికొచ్చిన మనిషికి వంట మొదలుపెట్టే ముందు

ముందు డాక్టరుగారిని ఒక మాట అడగండి: "పచ్చివన్నీ మానాలా, శుభ్రంగా కడిగితే చాలా?" పండ్లు, పచ్చి కూరలు పూర్తిగా నిషేధించే న్యూట్రోపీనిక్ డైట్‌తో ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరీక్షల్లో తేలలేదు. 2023లో వెలువడిన ఇటలీ అధ్యయనంలోనూ అంతే. అయినా కొన్ని ఆసుపత్రులు తెల్లకణాలు కోలుకునేదాకా ఆ పద్ధతే పాటిస్తాయి. మీ వార్డు చెప్పిందే మీకు లెక్క.

పండు తినొచ్చన్నారా? చేతులు సబ్బుతో కడుక్కుని, పండును కుళాయి నీటి ధార కింద రుద్ది కడిగి, తర్వాతే తొక్క తీయండి. కడగకుండా కోస్తే తొక్క మీది మురికి కత్తితోపాటు లోపలికి దిగుతుంది. పంపర పనస మాత్రం వద్దు. రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందుల మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు.

మన ఇళ్లలో అసలు చిక్కు అన్నమే. రాత్రి ఎనిమిదికి వండిన గిన్నె పొద్దున దాకా గట్టు మీదే ఉంటుంది. బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, ఆ వెచ్చదనంలో విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు, వాసనా తెలియదు. కాబట్టి చద్దన్నం పెట్టకండి. మిగిలితే పళ్లెంలో పలచగా పరిచి, రెండు గంటల్లోపు, మండు వేసవిలో గంటలోపు, ఫ్రిజ్‌లోకి చేర్చండి.

కోడికూరకు వేరే పలక, వేరే కత్తి. గుడ్డు సొన గట్టిపడాలి.

వంద దాటి జ్వరమొస్తే, ఏం తిన్నాడో ఆరా తీస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.