ఇల్లు ఖాళీ చేసే ముందు: అడ్వాన్సు తిరిగి రావాలంటే

హైదరాబాద్‌లో అద్దె గొడవలతో నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది తాళాలు ఇచ్చేశాక వస్తారు. అప్పటికి చేతిలో ఆధారం ఏమీ ఉండదు. అందుకే ఖాళీ చేసేందుకు నెల ముందే ఇది చదవండి. ఇది సాధారణ సమాచారం మాత్రమే. మీ అగ్రిమెంట్లో ఏం రాసుంది, మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కాబట్టి సొంత విషయంలో అగ్రిమెంటు చూపించి లాయరును అడగండి.

నోటీసు

అగ్రిమెంట్లో నెల నోటీసు అని ఉంటే నెల ముందే చెప్పాలి. ఏమీ రాసుకోకపోతే, నెలవారీ అద్దె ఇళ్లకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ 15 రోజుల నోటీసు చాలంటుంది. నోటి మాట వద్దు, వాట్సాప్‌లోనైనా తేదీ వేసి పంపండి.

పెయింటింగ్ లెక్క

ఎక్కువ గొడవలు ఇక్కడే. ఉదాహరణకు అద్దె 15,000, అడ్వాన్సు 45,000 అనుకుందాం. ఓనరు కరెంటు బిల్లు 2,000, పగిలిన వాష్‌బేసిన్‌కు 1,500, పెయింటింగ్‌కు నెల అద్దె పట్టుకుని 26,500 ఇస్తానంటాడు. మీరు వాడిన కరెంటు, మీ చేతిలో పగిలిన బేసిన్ మీ ఖర్చే. పెయింటింగ్ మాట అగ్రిమెంట్లో ఉంటే అదీ కట్టాలి. లేకపోతే 41,500 అడగొచ్చు. ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది గానీ, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను అందులోంచి మినహాయిస్తుంది. రెండేళ్లకు రంగు వెలిసిపోవడం అరుగుదలే. గోడకు మేకులు కొట్టి పెచ్చులు ఊడగొడితే అది వేరే సంగతి.

అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని ఓ మాట తిరుగుతోంది. అది 2021 నాటి కేంద్ర నమూనా చట్టంలోది. రాష్ట్రం దాన్ని చట్టంగా చేసుకుంటే తప్ప ఓనరుకు వర్తించదు.

చివరి నెలల అద్దె

"ఎలాగూ ఇవ్వడు, అడ్వాన్సులో జమ చేసుకోమందాం" అని చాలామంది అద్దె ఆపేస్తారు. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే అది బకాయి కిందే లెక్క, రేపు మీ కేసుకే దెబ్బ. కష్టమైనా అద్దె కట్టి, అడ్వాన్సు విడిగా అడగడమే మంచిది.

తాళాలు ఇచ్చే రోజు

ఖాళీ గదులు, కుళాయిలు, గీజరు, స్విచ్‌బోర్డులు వీడియో తీయండి. కరెంటు మీటరు రీడింగ్ అంకెలు స్పష్టంగా పడాలి. తాళాలు ముట్టినట్టు, ఎంత పట్టుకున్నారో, మిగతాది ఎప్పుడిస్తారో ఓనరుతో రాయించి సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే అవే వివరాలు అక్కడే మెసేజ్ చేయండి.

అన్న తేదీకి డబ్బు రాకపోతే, లెక్క రాసి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో లేఖ పంపి రసీదు దాచుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే కోర్టు కంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. వాళ్లు ఓనరును పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు, దానికి కోర్టు ఫీజు ఉండదు.