కేసు స్టడీ జవాబులో సిద్ధాంతాన్ని కేసుకు ముడిపెట్టడం ఎలా?

ఎంబీఏ పరీక్షలో ఇలాంటి కేసు వచ్చిందనుకుందాం. మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో ఆపరేటర్ల జీతం 15 శాతం పెంచారు. జీతాల గొడవ ఆగింది గానీ బియ్యంలో నూక తగ్గలేదు. వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్ల మధ్య సందు సరిచేయాలన్నా ఆపరేటర్ సూపర్‌వైజర్ వచ్చేదాకా ఆగాల్సిందే. నూక తక్కువ వచ్చిన షిఫ్టును ఎవరూ పట్టించుకోరు. ఇద్దరు ఆపరేటర్లు ఎక్కువ జీతానికి పక్క మిల్లుకు పోయారు. జీతం పెంచినా పని ఎందుకు మెరుగుపడలేదు, యజమాని ఏం చేయాలి అన్నది ప్రశ్న.

1. ముందు ప్రశ్న చదవండి, తర్వాత కేసు. ప్రశ్నకు పనికొచ్చే ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో నంబరు వేయండి.

2. సిద్ధాంతాన్ని ఎంచుకోండి. మోటివేషన్ అనగానే మాస్లో పిరమిడ్ గీసేయడం చాలామందికి అలవాటు. ఇక్కడ అది అంతగా అతకదు. అసంతృప్తి పోయింది, ఉత్సాహం రాలేదు. ఈ తేడాను నేరుగా వివరించేది హెర్జ్‌బర్గ్ రెండు కారకాల సిద్ధాంతం. జీతం, పర్యవేక్షణ, పని పరిస్థితులు హైజీన్ కారకాలు. అవి సరిగా లేకపోతే అసంతృప్తి, ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు. గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల మోటివేటర్లు. సిద్ధాంతం గురించి ఇంత రాస్తే చాలు. నోట్సులోని పేజీన్నర దించితే టైం పోతుంది, మార్కులు రావు.

3. ఇప్పుడు ముడి వేయండి. మార్కులన్నీ ఇక్కడే. "కేసులో జీతాల గొడవ ఆగిందని ఉంది, అంటే హైజీన్ లోటు తీరింది. రోళ్ల సందు సరిచేసే అధికారం ఆపరేటర్‌కు లేదు, కాబట్టి బాధ్యత అనే మోటివేటర్ లేదు. సందు సరిగా లేకపోతే నూక పెరుగుతుంది. దాన్ని వెంటనే సరిచేయగలిగిన మనిషి చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తోంది." ఇలా ప్రతి పేరాలో కేసులోని విషయం, సిద్ధాంతంలోని పదం, ఆ రెంటినీ కలిపే కారణం మూడూ ఉండాలి. కారణం తప్పిపోతే అది కేసును తిరగరాయడమే అవుతుంది.

రాసిన పేరాలో "మిల్లు" తీసి "బ్యాంకు" పెట్టి చూడండి. అప్పుడూ సరిపోతే మీరు కేసును వాడలేదన్నమాట.

4. అతకని విషయాన్ని దాచొద్దు. ఇద్దరు జీతం కోసమే పోయారు కదా? పక్క మిల్లుతో పోల్చుకుంటే జీతం ఇంకా తక్కువే అనిపించి ఉండొచ్చని రాయండి. దీనికి ఆడమ్స్ ఈక్విటీ సిద్ధాంతం ఒక వాక్యంలో సరిపోతుంది.

5. సూచన మీరు చూపించిన కారణం నుంచే పుట్టాలి. సందు సరిచేసే అధికారం ఆపరేటర్‌కు ఇవ్వడం, షిఫ్టువారీ నూక శాతాన్ని బోర్డు మీద రాయడం లాంటివి. "శిక్షణ ఇవ్వాలి" అని రాయొద్దు, శిక్షణ లోపం ఉందని కేసు ఎక్కడా చెప్పలేదు. అధికారం ఇచ్చేముందు ఆపరేటర్లకు ఆ పని వచ్చో రాదో తెలియాలి అనుకుంటే, వాళ్లకు వచ్చు అన్నది మీ ఊహ అని స్పష్టంగా పేర్కొనండి.