తెలియని వాళ్లకు సేల్స్ మెయిల్ పంపే ముందు చివరి పేరా చూడండి

తెలియని వాళ్లకు పంపే సేల్స్ మెయిల్‌లో నేను ముందు దిద్దేది చివరి పేరానే. అక్కడ సాధారణంగా మూడు కోరికలు ఉంటాయి: డెమో చూడండి, బ్రోషర్ చదవండి, మీ టీమ్‌లో ఎవరితో మాట్లాడాలో చెప్పండి. దేనికి జవాబివ్వాలో తేల్చుకోలేక చదివేవాళ్లు మెయిల్ మూసేస్తారు. ఒక్కటే ఉంచండి, అదీ ఒక్క ముక్కలో జవాబిచ్చేలా.

ఉదాహరణకు, గోడౌన్ స్టాక్ లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారనుకోండి. "మీకు వీలైనప్పుడు 30 నిమిషాలు మాట్లాడదామా?" అంటే వాళ్లు క్యాలెండర్ వెతుక్కోవాలి. దాని బదులు ఇలా రాయండి:

"మీరు రెండో గోడౌన్ తెరిచారని మీ వెబ్‌సైట్‌లో చూశాను. రెండు చోట్ల స్టాక్‌నూ ఒకే స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్ మాది. ఎలా పనిచేస్తుందో రెండు నిమిషాల వీడియో పంపమంటారా?"

"పంపండి" అంటే చాలు. మీ కంపెనీ చరిత్ర, "మీరు కుశలమని తలుస్తాను" లాంటివి తీసేయండి. మొదటి వాక్యం మాత్రం నిజంగా వాళ్ల గురించే ఉండాలి. పేరు మార్చి ఇంకొకరికి పంపినా సరిపోతోందంటే, అది ఇంకా తయారవలేదన్నట్టే.