దరఖాస్తు వాక్యం – 4వ పాఠం: ఆ ‘చేసి’ ఎవరిది?

గత పాఠంలో దరఖాస్తులోంచి ‘నేను’లను ఏరేశాం. ‘చేరాను’, ‘నేర్చుకున్నాను’ అన్నప్పుడు చివరి ‘ను’లోనే నేను ఉన్నాను కాబట్టి ప్రతి వాక్యం ముందూ మళ్లీ చెప్పక్కర్లేదు అనుకున్నాం. ఆ సలహా ఇప్పటికీ మంచిదే. కానీ దాని వెనకే ఒక చిక్కు వస్తుంది. ఆ ‘ను’ కూడా పోయిందంటే వాక్యంలో మనిషే మిగలడు. అప్పుడు ముందున్న ‘చేసి’, ‘చూస్తూ’ లాంటి మాటలు ఎవరికీ చెందకుండా గాల్లో వేలాడతాయి.

ఈ పాఠం కోసం ఒక పేరా రాశాను. తప్పులు కావాలని పెట్టినవే, అయితే ఇలాంటివి నేను చదివే దరఖాస్తుల్లో తరచూ కనిపిస్తాయి.

“డిగ్రీ పూర్తి చేసి, ఒక పంపిణీ సంస్థ నన్ను స్టోర్ అసిస్టెంటుగా తీసుకుంది. రోజూ సాయంత్రం సరుకు లెక్క చూస్తూ, రిజిస్టరులో తేడాలు సగానికి తగ్గాయి. ఆరు నెలల శిక్షణ పూర్తి చేసి నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. గత ఏడాది నష్టాల్లో ఉన్న శాఖ బాధ్యత తీసుకున్నాను. దీనితో జతచేసిన నా మేనేజరు సిఫార్సు లేఖను పరిశీలించగలరు.”

ఒకసారి గబగబా చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది. రాసినవాడు ఏం చెప్పదలచుకున్నాడో మనం ఊహించేసుకుంటాం. తప్పు దొరకాలంటే ఆ ఊహను పక్కన పెట్టి, వాక్యం ఏం చెబుతోందో అదే వినాలి. అందుకు వాక్యాన్ని తోక నుంచి చదవడం మంచిది. ముందు చివరి క్రియ దగ్గరికి వెళ్లి ‘ఎవరు?’ అని అడగండి. వచ్చిన జవాబును తెచ్చి ‘చేసి’కో ‘చూస్తూ’కో ముందు నిలబెట్టండి. అతికితే సరే, నవ్వొస్తే తప్పు.

మొదటి వాక్యం చివర ‘తీసుకుంది’ అని ఉంది. ఎవరు తీసుకుంది? సంస్థ. అయితే డిగ్రీ పూర్తి చేసిందీ సంస్థే! వ్యాకరణంలో ‘చేసి’ని క్త్వార్థకం అనీ ‘చేస్తూ’ని శత్రర్థకం అనీ అంటారు. పేర్లు గుర్తుండకపోయినా నష్టం లేదు. ఈ రెండింటికీ సాధారణంగా సొంత కర్త ఉండడు, చివరి క్రియ కర్తనే ఇవీ వాడుకుంటాయి అన్నది మాత్రం గుర్తుంచుకోండి. అందుకే చివరి క్రియను మీ చేతికి తెచ్చుకుంటే వాక్యం దానంతటదే కుదురుతుంది: “డిగ్రీ పూర్తి చేసి, ఒక పంపిణీ సంస్థలో స్టోర్ అసిస్టెంటుగా చేరాను.”

రెండో వాక్యంలో ‘తగ్గాయి’ అన్నది తేడాల గురించి. తేడాలే రోజూ సాయంత్రం కూర్చుని సరుకు లెక్క చూసుకున్నాయన్నమాట. దీన్ని రెండు రకాలుగా దిద్దవచ్చు. ఒకటి, “నేను రోజూ సాయంత్రం సరుకు లెక్క చూడటం మొదలుపెట్టాక తేడాలు సగానికి తగ్గాయి.” ‘పెట్టాక’, ‘పెట్టినప్పుడు’ లాంటి రూపాలు సొంత కర్తను ఉంచుకోగలవు కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. రెండోది, “రోజూ సాయంత్రం సరుకు లెక్క చూస్తూ, రిజిస్టరులో తేడాలను సగానికి తగ్గించాను.” నేనైతే ఈ రెండోదే రాస్తాను. దరఖాస్తులో ‘తగ్గాయి’ అంటే అవే తగ్గినట్టుంటుంది, ‘తగ్గించాను’ అంటే మీరు పని చేసినట్టుంటుంది. తగ్గు–తగ్గించు, పెరుగు–పెంచు, మారు–మార్చు లాంటి జంటల్లో మొదటిది చివర కనబడితే దానిముందు ‘ఇ’తోనో ‘తూ’తోనో ముగిసే మాట ఉందేమో చూడండి. సగం తప్పులు అక్కడే పట్టుబడతాయి. ‘చేయబడింది’, ‘నిర్వహించబడింది’ కూడా ఈ కోవలోవే.

మూడోది గడుసు వాక్యం. వ్యాకరణం ప్రకారం ఇందులో ఏమీ వేలాడటం లేదు. ‘ఇచ్చారు’ అన్నదానికి కర్త ‘వాళ్లు’, ‘పూర్తి చేసి’కీ వాళ్లే. అంటే శిక్షణ కార్యక్రమాన్ని ముగించింది వాళ్లు, సర్టిఫికెట్ ఇచ్చిందీ వాళ్లు. మీరేం చేశారో వాక్యం చెప్పనేలేదు. ఇలాంటిది వినడానికి సాఫీగా ఉంటుంది కాబట్టి రెండోసారి చదివినా జారిపోతుంది. “ఆరు నెలల శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ పొందాను” అంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ‘ఆ మాట విని నాకు నవ్వొచ్చింది’ అంటాం కదా, వచ్చింది నవ్వు, విన్నది నేను, మరి అదీ తప్పేనా? కాదు. నవ్వు రావడం, ఆసక్తి కలగడం, తెలియడం, అర్థమవడం లాంటి చోట్ల అనుభవించే మనిషి ‘నాకు’ రూపంలోనే ఉంటాడు, తెలుగు చెవికి అతనే కర్త. ఆ మనిషి కనబడుతున్నాడు కాబట్టి ‘విని’ అతన్ని పట్టుకుంటుంది. కానీ ‘నాకు’ ఉన్న ప్రతిచోటా ఈ వెసులుబాటు ఉండదని ఇందాకటి ‘నాకు ఇచ్చారు’ చూపిస్తోంది. అక్కడ నేను పుచ్చుకునేవాణ్ణే తప్ప చేసేవాణ్ణి కాను. అలాగే ‘సరుకు ఎక్కువై జాగా చాల్లేదు’, ‘నేను చేరి మూడేళ్లయింది’ కూడా నిక్షేపంలాంటి తెలుగే. మొదటిది కారణం చెబుతోంది, రెండోది కాలం లెక్కిస్తోంది. ఇలాంటివాటిని దిద్దబోయి పాడు చేయకండి.

మిగిలిన రెండు వాక్యాల్లో జబ్బు వేరు. అక్కడ మాటకు యజమాని ఉన్నాడు, కానీ మాట వేరే ఇంటి ముందు కూర్చుంది.

“గత ఏడాది నష్టాల్లో ఉన్న శాఖ బాధ్యత తీసుకున్నాను.” గత ఏడాది ఏం జరిగింది, శాఖ నష్టాల్లో ఉండటమా, మీరు బాధ్యత తీసుకోవడమా? ‘ఉన్న’, ‘చేసిన’, ‘వచ్చిన’ లాంటి విశేషణాలు తమ ముందున్న కాలాన్నీ చోటునూ తమవైపు లాక్కుంటాయి. ‘గత ఏడాది’ తర్వాత కామా పెడితే కొంత నయమే, కానీ దాన్ని నమ్ముకోవద్దు. కామాను దాటేసి చదివేవాళ్లే ఎక్కువ. మాటను దాని క్రియ పక్కకే జరపండి: “నష్టాల్లో ఉన్న శాఖ బాధ్యతను గత ఏడాది తీసుకున్నాను.”

ఇక చివరిది. దీనితో జతచేసింది ఎవరిని? ‘జతచేసిన’ పక్కనే ఉన్నది మేనేజరు. పాపం ఆయన్ను పిన్ను గుచ్చి కవరులో పెట్టినట్టయింది. విశేషణానికీ లేఖకూ మధ్య ఇంకో నామవాచకం దూరినప్పుడల్లా ఈ ప్రమాదం ఉంటుంది. “నా మేనేజరు ఇచ్చిన సిఫార్సు లేఖను దీనితో జతచేశాను” అంటే ఆయన బయటపడతాడు.

అభ్యాసానికి మూడు వాక్యాలు ఇస్తున్నాను. వీటిలో ఒకటి సరైనదే, దాన్ని ముట్టుకోకూడదు.

“మీ ప్రకటన చదివి, ఈ దరఖాస్తు పంపబడుతోంది.”

“మీ ప్రకటన చదివి, ఈ పని నా అనుభవానికి సరిపోతుందని నాకు అనిపించింది.”

“కొత్తగా చేరిన గోదాము పర్యవేక్షకుడి సహాయకుడికి పని నేర్పాను.”

మూడోదానిలో కొత్తగా చేరింది ఎవరో ముందు మీరే తేల్చుకోవాలి. ఇద్దరిలో ఎవరైనా కావచ్చు కాబట్టి రెండు రకాలుగానూ దిద్ది ఉంచుకోండి. వచ్చే పాఠం ఆ రెండు జవాబులతోనే మొదలవుతుంది, ఆ తర్వాత ‘మాత్రమే’, ‘కూడా’ల సంగతి చూద్దాం.